మైసూర్‌పాక్‌కి నెయ్యి చక్కెరలో సగమా, సమానమా, ఎక్కువా? మూడు కొలతల పోలిక

దీపావళి దగ్గర పడితే చాలు, మా వీధిలో ఆడవాళ్లు నన్ను అడిగేది ఒకటే. మైసూర్‌పాక్‌కి చక్కెర ఎంత, నెయ్యి ఎంత? ఒకరు అమ్మ చెప్పిన కొలత చెబుతారు, ఇంకొకరు వీడియోలో చూసిన కొలత చెబుతారు. రెండూ పొంతన కుదరవు. నిజానికి రెండూ తప్పు కాదు. ఆ రెండు కొలతలతో వచ్చేవి రెండు వేర్వేరు స్వీట్లు. పేరు మాత్రం ఒకటే.

తిరుపతిలో ఏ మిఠాయి అంగడికి వెళ్లినా ఈ తేడా అద్దాల వెనకే కనిపిస్తుంది. ఒక పళ్లెంలో అంచులు లేత పసుపుగా, నడుమ గోధుమరంగు పట్టీతో, ఒళ్లంతా సన్న రంధ్రాలతో ఉండే బిళ్లలు. పక్క పళ్లెంలో ఒక్క రంధ్రం కూడా లేకుండా నున్నగా, నెయ్యి మెరుస్తూ ఉండేవి. ఇవి కాక ఇంట్లో నెయ్యి తగ్గించి చేస్తే వచ్చే గట్టి రకం మూడోది. ఈ మూడింటిలో మీ ఇంటికి ఏది సరిపోతుందో ఇక్కడ రాస్తున్నాను. గుల్లగా ఉండి నోట్లో వేసుకోగానే కరిగిపోయే రకం మీద ఎక్కువ రాస్తాను. ఎక్కువమందికి కావాల్సింది అదే, కుదరనిదీ అదే.

ముందు ఏం చూసుకోవాలి

నాలుగు సంగతులు తేల్చుకుంటే కొలత దానంతట అదే తేలుతుంది.

మొదటిది గుల్ల. బిళ్ల విరిస్తే లోపల రంధ్రాలు కనిపించాలా, అక్కర్లేదా? రెండోది కరగడం. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కానీ కావు. గుల్ల వచ్చేది ఆవిరి వల్ల, కరగడం వచ్చేది నెయ్యి వల్ల. గుల్ల ఉండి కరగని మైసూర్‌పాక్ ఉంటుంది, గుల్ల లేకుండా కరిగేదీ ఉంటుంది. మూడోది వాతావరణం. తిరుపతిలో మే నెల ఎండకు డబ్బాలో నెయ్యి నీళ్లలా ఉంటుంది. దీపావళి నాటికేమో మనకు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి, గాలి నిండా తేమే. ఒకే కొలత ఈ రెండు కాలాల్లో ఒకేలా నిలవదు. నాలుగోది మీ చేతి అలవాటు. ఒక కొలతలో అర నిమిషం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, ఇంకోదాంట్లో సర్దుకోదు.

కొలతలన్నీ 240 మిల్లీలీటర్ల కప్పుతో చెబుతున్నాను. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. కప్పు శనగపిండి జల్లిస్తే సుమారు 100 గ్రాములే తూగుతుంది. కప్పు చక్కెర 200 గ్రాములు, కప్పు కరిగిన నెయ్యి 215 గ్రాములకు కాస్త పైన. అంటే కప్పుల్లో “ఒకటికి రెండు” అన్నప్పుడు తూకంలో చక్కెర పిండికి నాలుగింతలవుతుంది. కప్పుల లెక్క విని త్రాసులో 100 గ్రాముల పిండికి 200 గ్రాముల చక్కెర, 200 గ్రాముల నెయ్యి వేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు గుల్ల రాకపోవడానికి కారణం ఇదే. ఆ తూకంలో పిండి ఎక్కువై హల్వాలా ముద్ద కడుతుంది.

| రకం | పిండి : చక్కెర : నెయ్యి (కప్పులు) | సుమారు గ్రాముల్లో | గుల్ల | నోట్లో |
|---|---|---|---|---|
| గట్టి రకం | 1 : 2 : 1 | 100 : 400 : 215 | కొద్దిగా | కొరికి నమలాలి |
| గుల్ల రకం | 1 : 2 : 2 | 100 : 400 : 430 | బాగా | విరిగి వెంటనే కరుగుతుంది |
| మెత్తని రకం | 1 : 1½ : 2 | 100 : 300 : 430 | ఉండదు | వెన్నలా జారుతుంది |

నెయ్యికీ చక్కెరకూ ఉన్న సంబంధం ఒక్కటే చూడండి. మొదటిదాంట్లో నెయ్యి చక్కెరలో సగం, రెండోదాంట్లో సమానం, మూడోదాంట్లో ఎక్కువ. మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

గుల్ల ఎలా పుడుతుంది

ఇది తెలియకుండా కొలత ఎంచుకోవడం కష్టం. లేత తీగపాకంలో ఇంకా పావు వంతు దాకా నీళ్లుంటాయి. ఆ పాకంలో పిండి కలిపి, దాని మీద బాగా కాగిన నెయ్యి పోస్తాం. నీళ్లు 100 డిగ్రీలకే ఆవిరవుతాయి, నెయ్యేమో అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. అందుకే నెయ్యి తగిలిన చోటల్లా నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, ముద్దను తోసుకుంటూ పైకి వస్తాయి. మీకు వినిపించే సుయ్ మన్న శబ్దం అదే, పొంగే నురగ కూడా అదే. ఆవిరి పోయిన దారి చుట్టూ చక్కెర బిగుసుకుంటే ఆ దారి రంధ్రంగా మిగులుతుంది. పోసిన నెయ్యిలో కొంత ఆ రంధ్రాల గుండానే కిందికి కారిపోతుంది.

కాబట్టి గుల్ల రకంలో నెయ్యికి రెండు పనులు. కొంత బిళ్లలో ఉండిపోయి నోట్లో కరుగుతుంది. కొంత వేడిని లోపలికి మోసుకెళ్లి, పని అయ్యాక బయటికి వస్తుంది. “అంత నెయ్యి ఎందుకు, ఎలాగూ కారిపోతుంది కదా” అని సగానికి తగ్గించేవాళ్లు తగ్గించేది కొవ్వు ఒక్కటే కాదు, ఆవిరి పుట్టించే వేడిని కూడా. చక్కెరకు సమానంగా నెయ్యి ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

గట్టి రకం: నెయ్యి చక్కెరలో సగం

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఖర్చు తక్కువ, చేతికి జిడ్డు అంటదు, ఎండాకాలంలో కూడా ఆకారం చెడదు. హాస్టల్లో ఉన్న పిల్లలకు పంపాలన్నా, బస్సులో బెంగళూరు దాకా తీసుకెళ్లాలన్నా ఇది బాగా తట్టుకుంటుంది. కానీ చక్కెర బిగుసుకునే వేగానికి నెయ్యి సరిపోదు. దించడంలో కాస్త ఆలస్యమైతే బిళ్ల రాయి అవుతుంది. పళ్లు ఊడిన పెద్దవాళ్లున్న ఇంట్లో దీన్ని చేయొద్దు. నెయ్యి తక్కువ కాబట్టి సులువు అనుకుని కొత్తవాళ్లు మొదట దీన్నే పట్టుకుంటారు. నా అనుభవంలో మూడింటిలో పొరపాటును అస్సలు క్షమించనిది ఇదే.

గుల్ల రకం: నెయ్యి చక్కెరకు సమానం

పోయిన దీపావళికి నేను చేసిన ఒక వాయి లెక్క మొత్తం చెబుతాను. శనగపిండి కప్పు, చక్కెర రెండు కప్పులు, నెయ్యి రెండు కప్పులు, నీళ్లు కప్పు. బయట జల్లులు పడుతున్నాయి. పొయ్యి మీద పక్కపక్కన రెండు బర్నర్లు వెలిగించాను. ఈ రకానికి రెండు బర్నర్లు తప్పనిసరి.

ముందు పిండిని సన్న మంట మీద నాలుగు నిమిషాలు వేయించాను. రంగు మారకూడదు, పచ్చివాసన పోతే చాలు. తర్వాత రెండుసార్లు జల్లించాను. ఒక్క ఉండ మిగిలినా అది పాకంలో ఉడకక, బిళ్లలో తెల్లటి చుక్కలా, పచ్చిగా తగులుతుంది. దాదాపు రెండంగుళాల లోతున్న స్టీల్ డబ్బాకు లోపలంతా నెయ్యి రాసి పక్కన పెట్టుకున్నాను. ఇవన్నీ పొయ్యి మీద పాకం పెట్టకముందే జరగాలి. మొదలయ్యాక చేయి ఖాళీ ఉండదు.

ఒక బర్నర్ మీద అడుగు మందంగా, లోతుగా ఉన్న బాణలిలో చక్కెర, నీళ్లు. రెండో బర్నర్ మీద చిన్న గిన్నెలో నెయ్యి. పాకం మరగడం మొదలైన అయిదారు నిమిషాలకు చుక్క తీసి వేళ్ల మధ్య పట్టి చూస్తే ఒక్క తీగ సాగింది, సాగి వెంటనే తెగింది. అదే సరైన సమయం. తీగ తెగకుండా పొడవుగా సాగిందంటే పాకం ముదిరినట్టు. అంటే ఆవిరవ్వాల్సిన నీళ్లు ముందే పోయినట్టు. అప్పుడు ఎంత నెయ్యి పోసినా గుల్ల రాదు. రెండు చెంచాల నీళ్లు చల్లి మళ్లీ తీగ దాకా తెచ్చుకోవాలి. ఈ స్వీటు పేరులోనే పాకం ఉంది, దాని సగం జాతకం ఇక్కడే తేలిపోతుంది.

మంట మధ్యస్థంగా పెట్టి, ఎడమ చేత్తో పిండి కొద్దికొద్దిగా చల్లుతూ కుడి చేత్తో కలిపాను. రెండు మూడు నిమిషాలకు ముద్ద బుడగలు వేస్తూ ఉడికింది. అప్పుడు పక్క బర్నర్ మీది నెయ్యిలో చిటికెడు పిండి వేసి చూశాను. వెంటనే చిటచిటలాడి పైకి తేలింది. నెయ్యి ఈ వేడిలో ఉండాలి, పొగ మాత్రం రాకూడదు. పొగ వచ్చే నెయ్యి పోస్తే పిండి మాడి చేదెక్కుతుంది.

మొదటి గరిటె నెయ్యి పోయగానే ముద్ద సుయ్ మంటూ పొంగి, తర్వాత ఆ నెయ్యి తాగేసింది. తాగేదాకా కలిపి, రెండో గరిటె. ఇలా ఆరు గరిటెలు. చిత్తూరులో మా మేనత్త దగ్గర మొదటిసారి నేర్చుకున్నప్పుడు నేను నెయ్యి కాగింది కదా అని మంట ఆర్పేశాను. ఆమె చూసి, “పక్క పొయ్యి ఆర్పొద్దు పాపా. మొదటి గరిటె ఎంత వేడిగా ఉండాదో ఆఖరి గరిటె కూడా అంతే వేడిగా ఉండాల” అంది. గుల్ల రాని పది మైసూర్‌పాక్‌లలో ఎక్కువ వాటికి కారణం ఇదేనని ఇప్పుడు నాకు తెలుసు. పక్క పొయ్యి ఆర్పేస్తే చివరి రెండు గరిటెలకు చల్లబడిన నెయ్యే పడుతుంది. గుల్ల తయారయ్యేదేమో ఆ చివరి రెండు గరిటెల దగ్గరే.

నాలుగో గరిటె తర్వాత రంగు చూడండి. ముదురు పసుపుగా ఉన్న ముద్ద తేలికపడి లేత రంగులోకి వస్తుంది. గరిటెతో పక్కకు లాగితే జాలీలా రంధ్రాలు కనిపిస్తాయి. ఆరో గరిటెకు ముద్ద బాణలిని పూర్తిగా వదిలి, పోసిన నెయ్యిని తాగకుండా అంచుల్లోకి తిరిగి వదలడం మొదలుపెట్టింది. వేయించిన శనగపప్పు వాసన వచ్చింది. ఇక్కడి నుంచి మీ చేతిలో ఉండేది అర నిమిషమే. ముందే దించితే ముద్ద జిగటగా మిగిలి మెత్తని రకానికీ గుల్ల రకానికీ మధ్యలో ఆగిపోతుంది. ఆలస్యమైతే బాణలిలోనే పొడిపొడి అవుతుంది.

డబ్బాలోకి ఒకేసారి వంచాను. వంచాక గరిటెతో అదమలేదు, పైన నున్నగా చేయలేదు, డబ్బాను తట్టలేదు. మనకు అలవాటైన ఆ తట్టడమే లోపల ఇంకా పైకి వస్తున్న ఆవిరి దారులను మూసేస్తుంది. పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటే ఉండనివ్వండి. డబ్బా ఒక వైపు కింద చెంచా పెట్టి కొద్దిగా వాలుగా ఉంచాను, మిగులు నెయ్యి ఒక మూలకు చేరింది. అయిదు నిమిషాలకు కత్తితో గాట్లు పెట్టి, పూర్తిగా చల్లారాక విడదీశాను. వేడిగా ఉన్నప్పుడే గాట్లు పెట్టకపోతే తర్వాత ముక్కలు వంకరగా విరిగిపోతాయి.

మూలలో చేరిన నెయ్యి వంచి తూస్తే 80 గ్రాములు వచ్చింది. అంటే 430 గ్రాములు పోస్తే బిళ్లల్లో నిలిచింది 350. ఆ మిగిలిన నెయ్యిని పారేయొద్దు, శనగపిండి వాసనతో ఉంటుంది కాబట్టి బొబ్బట్లు కాల్చడానికి చక్కగా పనికొస్తుంది. బిళ్ల విరిస్తే నడుమ గోధుమరంగు పట్టీ వచ్చింది. అది వేరే ఏదో కలపడం వల్ల రాదు. డబ్బా లోతుగా ఉంటే నడుమ వేడి త్వరగా పోదు, అక్కడ పిండి, చక్కెర తమ వేడికి తామే ఇంకాస్త వేగుతాయి. వెడల్పాటి పళ్లెంలో పలచగా పోస్తే ఆ పట్టీ రాదు.

తీపి ఎక్కువనిపించేవాళ్లు చక్కెరను కాస్త తగ్గించుకోవచ్చు. ఒకటీ ముప్పావు కప్పు నాకు సరిపోయిన హద్దు. అంతకంటే తగ్గిస్తే రంధ్రాల చుట్టూ గోడలా నిలబడాల్సిన చక్కెర చాలక, వచ్చిన గుల్ల చల్లారేలోపు కూలిపోతుంది. చిత్తూరు బెల్లం చేతిలో ఉండగా చక్కెర ఎందుకని అడిగేవాళ్లకూ ఇదే జవాబు. బెల్లం పాకం చక్కెరలా శుభ్రంగా పలుకు కట్టదు. రుచి బాగుంటుంది, గుల్ల మాత్రం నిలవదు. బెల్లంతో చేయాలనుకుంటే మెత్తని రకం చేసుకోండి.

మెత్తని రకం: చక్కెర కంటే నెయ్యి ఎక్కువ

దీంట్లో పద్ధతే వేరు. గుల్ల రకంలో ఆవిరిని రప్పిస్తాం, ఇక్కడ రాకుండా చూసుకుంటాం. పిండిని ముందుగానే గోరువెచ్చని నెయ్యిలో జారుగా కలిపి, ఆ జారును పాకంలో పోస్తాం. మిగతా నెయ్యి సన్న మంట మీద కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. నెయ్యి మరీ కాగి ఉండనక్కర్లేదు. ముద్ద బాణలిని వదలగానే, గుల్ల కట్టకముందే దించేయాలి. దీన్ని పళ్లెంలో పోశాక నున్నగా అదమవచ్చు కూడా.

కొత్తగా చేసేవాళ్లకు నేను ముందు ఇదే చేయమంటాను. సన్న మంట కాబట్టి చూసి దించే తీరిక ఉంటుంది. ఒక నిమిషం ముందు దించితే కాస్త హల్వాలా ఉంటుంది, ఒక నిమిషం ఆలస్యమైతే కాస్త గట్టిపడుతుంది, రెండూ తినేలాగే ఉంటాయి. పెద్దవాళ్లు నమలక్కర్లేకుండా తింటారు.

దీని ఇబ్బంది అంతా ఎండాకాలంలోనే. ఇక్కడ నెయ్యి కారిపోదు, పోసిందంతా బిళ్లలోనే ఉంటుంది. తూకంలో సగం పైన నెయ్యే. నెయ్యి కరిగేది మన ఒంటి వేడి కంటే తక్కువ వేడికే, నోట్లో జారిపోయే గుణం దాని వల్లే. కానీ ఏప్రిల్, మే నెలల్లో మన వంటిల్లే అంత వేడిగా ఉంటుంది. అప్పుడు బిళ్ల డబ్బాలోనే కరగడం మొదలుపెడుతుంది. వేసవిలో పెళ్లి పందిట్లో పంచడానికి మెత్తని రకం చేయించి, కాగితం నిండా నెయ్యి కారి, చీరలకు మరకలైన సందర్భం మా ఇంట్లోనే జరిగింది. అప్పటి నుంచి ఎండాకాలం శుభకార్యాలకు గుల్ల రకమే చేస్తున్నాం. మిగులు నెయ్యి ముందే వడిసిపోయి ఉంటుంది, చక్కెర గోడలు ఆకారాన్ని పట్టి ఉంచుతాయి.

నెయ్యిలో నూనె కలపొచ్చా

గుల్ల రకంలో కలపొచ్చు. వేడి మోయడానికి నూనె కూడా పనికొస్తుంది కాబట్టి కప్పు నెయ్యి, కప్పు వాసన లేని నూనె వేసినా రంధ్రాలు బాగానే వస్తాయి. అలా చేసేటప్పుడు నూనెను మొదటి గరిటెల్లో పోసి, నెయ్యిని చివరికి ఉంచుకోండి, వాసన నిలుస్తుంది. కానీ నూనె గది వేడికి పేరుకోదు. అందువల్ల తినేటప్పుడు నెయ్యిలా కరిగిన అనుభూతి రాదు, వేళ్లకు జిడ్డు మిగులుతుంది. డాల్డా మాత్రం వద్దు. అది నెయ్యి కంటే గట్టిగా పేరుకుంటుంది, నోట్లో పూర్తిగా కరగక అంగిలికి అంటుకుంటుంది. మెత్తని రకంలో నూనె అసలు కలపొద్దు, అక్కడ నెయ్యి రుచే ముఖ్యం, నూనె వేస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఆవు నెయ్యా, గేదె నెయ్యా అనేది నా దృష్టిలో చిన్న ప్రశ్న. ఆవు నెయ్యి రంగు ఇస్తుంది, గేదె నెయ్యి త్వరగా పేరుకుంటుంది. గుల్ల రావడంలో రెండింటికీ తేడా నాకు కనిపించలేదు. నెయ్యి పాతబడి ముక్కవాసన వస్తుంటే మాత్రం ఏ కొలతా దాన్ని దాచలేదు.

చెడిపోయినప్పుడు

గట్టి రకం రాయిలా మారినా, గుల్ల రకం పొడిపొడిగా రాలినా దాన్ని బాణలిలోకి వేసి, అర కప్పు నీళ్లు పోసి, సన్న మంట మీద పూర్తిగా కరిగించండి. ముద్ద మళ్లీ అంచులు వదిలేదాకా తిప్పి, రెండు మూడు చెంచాల నెయ్యి వేసి దించితే తినేలా మెత్తబడుతుంది. గుల్ల మాత్రం తిరిగి రాదు, దాని కోసం ఇంకా నెయ్యి పోసుకుంటూ పోవద్దు. జిగటగా ఉండి ముక్కలు కాకపోతే ఇంకా తేలిక, మళ్లీ పొయ్యి మీద పెట్టి రెండు నిమిషాలు తిప్పితే సరి.

దీపావళి వానల్లో గుల్ల రకానికి ఇంకొక జాగ్రత్త కావాలి. రంధ్రాలున్న బిళ్ల గాలిలో తేమను త్వరగా పీలుస్తుంది. పళ్లెంలో మూత లేకుండా ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి పైన తడిగా, అంటుకునేలా తయారవుతుంది. పూర్తిగా చల్లారాక, అంటే చేసిన రెండు మూడు గంటలకు, గట్టి మూత ఉన్న స్టీల్ డబ్బాలో అడుగున ఒక కాగితం వేసి పేర్చండి. వేడి మీద మూత పెడితే ఆవిరి లోపలే చెమ్మగా మారుతుంది. ఇలా పెట్టినవి మా ఇంట్లో పది రోజుల దాకా విరిస్తే విరిగేలా ఉన్నాయి. డబ్బా తెరిచి కావాల్సినన్ని తీసుకుని వెంటనే మూసేయాలి, అందుకే పండగ రోజు వచ్చేవాళ్ల కోసం చిన్న డబ్బాలో కొన్ని విడిగా పెట్టుకుంటాను.